7 అంగుళాలవి రెండా, 10 అంగుళాలది ఒకటా?

ప్రశ్న: 7 అంగుళాల పిజ్జా 250 రూపాయలు, 10 అంగుళాలది 500. మూడు అంగుళాలకే ధర రెట్టింపా? అదే డబ్బుకి చిన్నవి రెండు కొంటే 14 అంగుళాలు వస్తాయి కదా?

అంగుళాలను అలా కూడకూడదండీ. ఆ కొలత అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరకి ఉన్న దూరం మాత్రమే. మనం తినేది వైశాల్యాన్ని. వ్యాసంలో సగం తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, మళ్లీ 3.14తో గుణించండి. చిన్నదానికి 3.5 × 3.5 × 3.14, అంటే సుమారు 38.5 చదరపు అంగుళాలు. రెండు కలిపి 77. పెద్దది ఒక్కటే 78.5. అంటే ఆ రెట్టింపు ధర న్యాయమైనదే.

అసలు తేడా అంచు దగ్గర ఉంది. చుట్టూ ఒక అంగుళం చీజ్ లేని ఉత్త రొట్టే అనుకుందాం. అప్పుడు చీజ్ ఉన్న భాగం చిన్నవి రెండింటిలో కలిపి 39, పెద్దదానిలో 50. అందుకే నేనైతే పెద్దదే తీసుకుంటాను. ఇంట్లో ఒకరు శాకాహారి అయితే మాత్రం విడివిడిగా రెండు కొనడమే మంచిది.

ఈ లెక్క రెండింటి మందం ఒకటే అయినప్పుడే సరిపోతుంది. పల్చటి పిజ్జాని మందపాటి దానితో ఇలా పోల్చలేం.