ఉండలు ఉండనివ్వు, తల్లీ

చిట్టితల్లీ,

పాప పుట్టినరోజుకు పన్నెండు మంది పిల్లలు వస్తున్నారనీ, అందరికీ నువ్వే పాన్‌కేక్‌లు వేస్తానన్నావనీ అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. వినగానే కడుపు నిండినట్లయింది. రాత్రి పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. హోటల్ వంటగదిలో ఏళ్ల తరబడి పెనం ముందు నిలబడ్డవాణ్ణి. మందపాటి పాన్‌కేక్ పైన చక్కగా కాలినట్లు కనిపిస్తూ నడుమ పచ్చిగా ఉండిపోవడం ఎంత తేలికో నాకు తెలుసు. పచ్చి మైదా, పచ్చి గుడ్డు పసిపిల్లల కడుపులోకి పోకూడదు. అందుకే లేచి కూర్చుని ఇది రాస్తున్నాను.

కొలత ఇదీ: మైదా 200 గ్రాములు, బేకింగ్ పౌడర్ రెండున్నర టీస్పూన్లు, చక్కెర రెండు టేబుల్ స్పూన్లు, ఉప్పు అర టీస్పూను. ఇవన్నీ జల్లించి కలిపి పెట్టుకో. వేరే గిన్నెలో పాలు 220 మిల్లీలీటర్లు, గుడ్డు ఒకటి, కరిగించిన వెన్న రెండు టేబుల్ స్పూన్లు. పాలు ఫ్రిజ్‌లోంచి తీసినవి వాడకు, వెన్న గడ్డకడుతుంది. ఈ కొలతకు ఎనిమిది పాన్‌కేక్‌లు వస్తాయి.

ఇక అసలు సంగతి. ఇది నేను ఎవరికీ చెప్పుకోలేదు.

పనిలో చేరిన కొత్తలో ఒక ఉదయం నలభై మందికి పాన్‌కేక్‌ల పని నాకు అప్పగించారు. పెద్దాయన చెప్పినట్లే తడి, పొడి కలిపి, పదినిమిషాలు పక్కన పెట్టాను. తిరిగి వచ్చి చూస్తే పిండి నిండా ఉండలు. నా పనితనం మీద మచ్చలా కనిపించాయి. ఎవరైనా చూస్తారేమోనని సిగ్గుపడి, కవ్వం తీసుకుని, ఒక్క ఉండ కూడా మిగలకుండా గిలక్కొట్టాను. పిండి పట్టులా మెరిసింది. ఎంత సంతోషించానో.

పెనం మీద పోయగానే అది వెడల్పుగా పారిపోయింది. పైకి పొంగలేదు. వేడి చాలలేదనుకుని మంట పెంచాను. అడుగు నల్లబడింది, లోపల జిగురుగా మిగిలింది. భయపడి మంట బాగా తగ్గించాను. ఈసారి ఎంతసేపటికీ రంగు రాలేదు. తిరగేసేలోపు అంచులు ఎండి తోలులా తయారయ్యాయి. నలభై పళ్లాలు అలాగే వెళ్లాయి. ఒక ముసలాయన చాకుతో కోయబోతే ముక్క సాగింది కానీ తెగలేదు. ఆయన ఏమీ అనకుండా పళ్లెం పక్కకు జరిపి టీ మాత్రం తాగి వెళ్లాడు. ఆ పళ్లెం నేనే కడిగాను.

నేను చేసింది ఒక తప్పు కాదు, రెండు. మొదటి తప్పును రెండో తప్పుతో దిద్దబోయాను. నువ్వు అక్కడే చిక్కుకుంటావని నా భయం.

మొదటిది కవ్వం. మైదాకు తడి తగలగానే అందులోని ప్రోటీన్లు గ్లూటెన్‌గా అల్లుకోవడం మొదలుపెడతాయి. ఎంత తిప్పితే ఆ అల్లిక అంత బిగుస్తుంది. కాలినప్పుడు అదే రబ్బరులా సాగుతుంది. పిండి నానాక తిప్పడం మరీ చేటు. అప్పటికి మైదా నీళ్లు బాగా పీల్చుకుని అల్లుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. పైగా బేకింగ్ పౌడర్ పుట్టించిన గాలి బుడగలు అప్పటికే పిండిలో చేరి ఉంటాయి, కవ్వం వాటిని తరిమేస్తుంది. ఇప్పుడు దొరికే బేకింగ్ పౌడర్లలో చాలావాటికి వేడి తగిలాక మళ్లీ పొంగే గుణం ఉంది. కానీ పోయిన బుడగలన్నిటినీ అది తిరిగి తెచ్చిపెట్టలేదు.

కాబట్టి తడిని పొడిలో పోసి, గరిటెతో అడుగు నుంచి పైకి పది పదిహేను సార్లు మడిచి ఆపు. పొడి మైదా చారలు కనిపించకపోతే చాలు. మిరియపు గింజంత, మహా అయితే బఠాణీ గింజంత ఉండలు ఉండనివ్వు. పదినిమిషాలు నానేసరికి వాటిలోకి తడి దిగి, పెనం మీద కరిగిపోతాయి. అంతకన్నా పెద్ద ఉండ కనిపిస్తే మాత్రం వదలకు. దాని నడుమ పొడి మైదా ఉంటుంది, అది పచ్చిగానే నోట్లోకి వస్తుంది. ఆ ఒక్కదాన్ని గరిటె వెనుక వైపుతో గిన్నె అంచుకు నొక్కి చిదుము. నానిన తర్వాత ఇక గరిటె తిప్పకు. పక్క నుంచి మెల్లగా తోడుకో.

రెండోది వేడి. పెనం 175 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. నీటి చుక్కలు చల్లి చూడమంటారు. చుక్క కదలకుండా కూర్చుని మరిగితే పెనం చల్లగా ఉన్నట్లు, అంతవరకు నిజమే. కానీ మరీ కాలిన పెనం మీద కూడా చుక్కలు గెంతుతాయి, ఇంకా ఎక్కువసేపు గెంతుతాయి. అందుకే నేను చుక్కల్ని నమ్మను. చిన్న పాన్‌కేక్ ఒకటి వేసి అడుగు చూస్తాను. రెండు, రెండున్నర నిమిషాలకు బంగారు రంగు వస్తే సరైన వేడి. నిమిషంలోపే రంగు వస్తే లోపల ఉడికే సమయం ఉండదు. మూడు నిమిషాలైనా తెల్లగా ఉంటే, పిండి గట్టిపడకముందే బుడగలు తప్పించుకుపోతాయి, పైన ఎండిన చర్మం మిగులుతుంది.

అంచుల దగ్గర బుడగలు పగిలి, ఆ రంధ్రాలు పూడకుండా నిలిచి, అంచు మెరుపు పోయినప్పుడు తిరగెయ్యి. ఒక్కసారే. అట్లకాడతో పైన నొక్కావో, ఇంతసేపు కాపాడిన గాలి అంతా పోతుంది. నీ చిన్నప్పుడు నా పక్కన స్టూలు మీద నిలబడి, వద్దన్నా నొక్కేదానివి. చుయ్‌మనే చప్పుడు నీకు అంత ఇష్టం. అప్పుడు కసురుకున్నందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఈసారి మాత్రం నిజంగా నొక్కకు.

తేడా వస్తే మంట మీద చెయ్యి వేసేముందు ఒకటి తుంచి చూడు. రంగు బాగుండి, తుంచితే సాగుతూ వస్తే తప్పు పిండిది, మంటది కాదు. అడుగు నల్లబడి నడుమ తడి గీత కనిపిస్తే వేడి ఎక్కువ. పాలిపోయి, పలచగా, పైపొర గట్టిగా ఉంటే వేడి తక్కువ. ఒక విడతకూ మరో విడతకూ మధ్య పెనం వేడెక్కిపోతుంది, మంట కాస్త తగ్గించుకుంటూ ఉండు.

పిల్లలకు తలా రెండంటే ఇరవైనాలుగు. మూడింతలు ఒకేసారి కలపకు, చివరి వాటికి పొంగు మిగలదు. పొడి మిశ్రమం మూడు గిన్నెల్లో ముందే సిద్ధం చేసుకో. మొదటి పిండిలో సగం అయ్యాక రెండో గిన్నెలో తడి పోసి మడువు. అది నానేలోపు మొదటిది అయిపోతుంది. అయినవాటిని ఒకదానిమీద ఒకటి పేర్చకు, ఆవిరికి మెత్తబడి జిగురెక్కుతాయి. ఓవెన్ 90 డిగ్రీల దగ్గర పెట్టి, తీగల జాలీ మీద విడివిడిగా ఉంచు.

పెనం పిడి గోడ వైపు తిప్పి పెట్టు. పాప పరుగెత్తుకుంటూ వస్తుంది.

ముందురోజు సాయంత్రం సగం కొలతతో నాలుగు వేసి చూసుకో. ఒకటి నడుమకు తుంచి, లోపల ఎలా ఉందో నాకు ఫోన్ చేసి చెప్పు. ఎంత రాత్రయినా పరవాలేదు, మేలుకునే ఉంటాను.

మీ బాబాయి