ఆరు బండ్ల సంగతి

చిరంజీవి చిన్నాకు,

మావయ్య దీవెనలు. ఇక్కడ నేనూ అత్తయ్యా బాగానే ఉన్నాం. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు ఒకేసారి ఆరు లారీలు బుక్ చేస్తున్నావని చెప్పింది. సంతోషం పట్టలేకపోయాను. ఆటోనగర్‌లో గ్రీజు గుడ్డ పట్టుకుని నా వెనకాల తిరిగిన పిల్లాడు ఈరోజు నాలుగు బండ్ల ఓనరు, రేపు పది. ఆ వెంటనే మీ అమ్మ, లోనులో మన చేతి నుంచి పెట్టాల్సిన మార్జిన్ డబ్బు కోసం పొలం కాగితాలు తీశావని కూడా చెప్పింది. అప్పట్నుంచి నిద్ర లేదు. ఫోన్‌లో చెబితే మధ్యలో "సరే మావయ్యా, లోడింగ్ దగ్గర ఉన్నా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

కొత్త బండి కొనేటప్పుడు చూడాల్సినవి నీకు తెలుసు. నీ దగ్గరున్న కంపెనీదే తీసుకో, సామాను కలుస్తుంది, మెకానిక్‌కి చెయ్యి అలవాటు. ఇన్సూరెన్స్ ఒక్కరోజు కూడా తప్పనివ్వకు. పది దాకా బండ్లున్నవాడు పాన్ నంబరుతో రాసిస్తే పార్టీలు కిరాయిలో టీడీఎస్ కోయరు, కాబట్టి పదకొండోది కొనేముందు ఆడిటర్ని అడుగు. ఇంతవరకూ ఇంతే.

అసలు సంగతి ఆ ఆరు ఎక్కడ నుంచి వచ్చిందన్నది. నీకు సరుకిచ్చే కంపెనీవాళ్లు చెన్నైకి నెలకు 48 లోడ్లు ఇస్తామన్నారు, బండి నెలకు 8 ట్రిప్పులు తిరుగుతుంది, 48ని 8తో భాగిస్తే ఆరు. లెక్క తప్పేం కాదు. కానీ 48 అన్నది సగటురా. వాళ్ల గోడౌన్ డిస్పాచ్ కాగితం నువ్వే మీ అమ్మ ఫోన్‌లోంచి నాకు పంపించావు కదా, అందులో మార్చిలో 71 లోడ్లు, జూలైలో 26. సగటు లోడు ఏ నెలలోనూ రాదు, ఈఎంఐ మాత్రం ప్రతి నెలా 5వ తేదీన వస్తుంది.

నువ్వు తెచ్చిన కొటేషనే తీసుకుని కూర్చున్నాను. పన్నెండు టైర్ల బండి, బాడీతో కలిపి 42 లక్షలు. చేతి డబ్బు 6 లక్షల 30 వేలు పోతే, మిగిలిన దానికి 10 శాతం వడ్డీ చొప్పున ఐదేళ్లకి నెలకు సుమారు 76,000. ఇన్సూరెన్స్, ట్యాక్స్, పర్మిట్ నెల మీద పంచితే ఓ 12,000. డ్రైవర్ జీతం 25,000. చిల్లరమల్లర కలిపితే బండి కదిలినా కదలకపోయినా నెలకు లక్షా పదిహేను వేలు. ఇక ట్రిప్పు. పోను 30,000, రాను 23,000 కిరాయి. రానూపోనూ 900 కిలోమీటర్లకు డీజిల్, టోల్‌గేట్లు, బత్తా, టైర్ల అరుగుదల, రిపేర్ల కింద తీసిపెట్టేది అన్నీ పోతే చేతిలో 15,000 నిలుస్తుంది. ఎనిమిది ట్రిప్పులకు లక్షా ఇరవై. అంటే బండి ఒక్కరోజు ఆగకుండా తిరిగితే నెలకు ఐదు వేలు మిగులు. ఐదేళ్ల తర్వాత బండి నీదవుతుంది, అది నిజమే, కాదనను. కానీ ఆ ఐదేళ్లు దాటాలిగా. ఇదీ చెన్నైలో ప్రతిసారీ రిటర్న్ లోడు దొరికితేనే. ఖాళీగా వస్తే ఆ ట్రిప్పు చేతి నుంచే పోతుంది.

ఇప్పుడు జూలై చూడు. 26 లోడ్లు, ఆరు బండ్లు. 26 పదిహేను వేలు అంటే 3 లక్షల 90 వేలు. ఆరు బండ్ల ఖర్చు 6 లక్షల 90 వేలు. ఒక్క నెలలో మూడు లక్షలు ఎక్కడ్నుంచి తెస్తావు? అదే మూడు బండ్లయితే 24 ట్రిప్పులు అవే లాగేస్తాయి, ఖర్చు పోను పదిహేను వేలు మిగులుతాయి, ఆ రెండు లోడ్లు బయటి బండికి ఎక్కిస్తావు.

నాకు ఎలా తెలుసంటావా? చెప్పలేదు నీకెప్పుడూ. మీ అమ్మకు కూడా సగమే తెలుసు.

1997 ఫిబ్రవరి. మిర్చి సీజన్ మొదలైంది. గుంటూరు యార్డు ముందు లారీ దొరకడమే గగనం, ఢిల్లీ కిరాయి వారం వారం పెరుగుతోంది. నాకు అప్పటికి ఉన్నది ఒక్కటే బండి. అది ఆ నెల్లో సంపాదించింది చూసి కళ్లు నెత్తికెక్కాయి. ఒక ప్రైవేటు ఫైనాన్స్ ఆయన, పేరెందుకులే, ముప్పైఆరు చెక్కుల మీద సంతకాలు పెట్టించుకుని మూడు పది టైర్ల బండ్లు ఇప్పించాడు. మూడూ ఒకే రోజు కొండ కింద వరసగా నిలబెట్టి పూజ చేయించాను. నిమ్మకాయలు తొక్కించి, మూడు బండ్ల ముందూ నిలబడి ఫొటో దిగాను. మార్చి, ఏప్రిల్ రాజాలా ఉన్నాను.

మేలో యార్డుకు వేసవి సెలవులిచ్చారు. మిగిలిన మిర్చంతా కోల్డ్ స్టోరేజీల్లోకి వెళ్లిపోయింది. అక్కడ్నుంచి సరుకు ధర చూసుకుని కొద్దికొద్దిగా కదులుతుంది తప్ప యార్డులోలా రోజుకు వందల బండ్లు పట్టవు. జూన్‌లో నా నాలుగు బండ్లకు కలిపి ఆరు లోడ్లు. ఢిల్లీ కిరాయి డీజిల్‌కి పోగా డ్రైవర్ బత్తాకు సరిపోయేది. వానలు పడ్డాయి. అప్పుడు తెలిసింది ఇంకో సంగతి. ఒకేరోజు కొన్న మూడు బండ్లకు ముప్పై టైర్లు, మూడూ ఒకే రోడ్డు మీద ఒకేలా తిరిగాయి, కాబట్టి టైర్లన్నీ ఒకేసారి నున్నగా అయ్యాయి. వెనక టైర్లు రీట్రెడింగ్ చేయించి ముందువి కొందామంటే దానికీ డబ్బు లేదు. అత్తయ్య గాజులు రెండు జతలు పోయాయి. ఆగస్టు చెక్కు బౌన్స్ అయింది, సెప్టెంబర్ది కూడా.

అక్టోబర్లో ఒక తెల్లవారుజామున ఒంగోలు దాటాక ఫైనాన్స్ మనుషులు బండి ఆపి తాళాలు తీసుకున్నారు. డ్రైవర్ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు, ఏడుస్తున్నాడు. మర్నాడు మధ్యాహ్నం బస్సు దిగి ఇంటికొచ్చాడు. ఒక చేతిలో కిరసనాయిల్ పంపు స్టవ్, చంకలో కేబిన్లో పెట్టిన దుర్గమ్మ పటం. "బండి ఇవ్వకపోయినా వీటిని ఇచ్చారు మావా" అన్నాడు. పటం అద్దం ఒక మూల చిట్లిపోయింది. వాడికి అన్నం పెట్టి నేను మేడెక్కి కూర్చున్నాను. మిగిలిన రెండు బండ్లు నేనే అమ్మి అప్పు కట్టాను. మొదటి బండి ఒక్కటే మిగిలింది. అది కూడా నాకంటే ముసలిదైపోయింది అప్పటికే.

నా తప్పు బండ్లు కొనడం కాదురా. సీజన్ లోడు చూసి ఏడాది అప్పు చేయడం.

అలాగని నువ్వు అన్నీ బయటి బండ్లతో నడుపుతానంటే అదీ ఒప్పుకోను. మీ ఫ్రెండు చెప్పాడట కదా, అద్దె బండికి పెట్టుబడే అక్కర్లేదని. అబద్ధం. 30,000 కిరాయి లోడుని మార్కెట్ బండికి 27,500కి ఇచ్చావనుకో, రెండున్నర వేలు నీవి, టైరు పేలినా వాడిదే, ఇంజన్ పట్టేసినా వాడిదే. బాగుంది. కానీ లోడ్ ఎక్కగానే వాడు అడ్వాన్స్ అడుగుతాడు, చెన్నైలో దించి సంతకం పెట్టిన కాగితం తెచ్చిన రోజున బ్యాలెన్స్ అడుగుతాడు. నీ కంపెనీ ఇచ్చేది 45 రోజులకు. మూడు సొంత బండ్లు పోను సగటు నెలలో 24 లోడ్లు బయటికిస్తే, ఎప్పుడూ సుమారు పది లక్షలు గాల్లో ఉంటాయి. మార్చిలో 47 లోడ్లంటే పంతొమ్మిది దాకా పోతుంది. పైగా మార్చిలోనే గుంటూరు మిర్చి బండ్లన్నిటినీ లాగేసుకుంటుంది. నీ కాంట్రాక్టు రేటు 30,000 దగ్గరే ఉంటే, బయటివాడు 34,000 అంటాడు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వేరే రేటు, డీజిల్ పెరిగితే కిరాయి పెరగాలి, ఈ రెండూ కాగితం మీద రాయించుకోకుండా సంతకం పెట్టావో, నాతో మాట్లాడకు.

లీజు సంగతి. మా కాలంలో లేదిది, కానీ కాగితం తెప్పించుకుని రెండుసార్లు చదివాను. మార్జిన్ లేదు, డిపాజిట్ మూడు నెలలది, సర్వీసు వాళ్లే చూసుకుంటారు, నెలకు లక్షా అయిదు వేలు, డ్రైవరూ డీజిలూ నీవి. బ్రేక్‌డౌన్ తలనొప్పి తగ్గుతుంది, ఆఖర్న బండి మాత్రం నీది కాదు. అదీ పెద్ద బాధ కాదు. నాలుగో పేజీలో ఉంది అసలు మెలిక. లీజు 36 నెలలు, మధ్యలో వదిలేస్తే మిగిలిన అద్దెలో పెద్ద వాటా కట్టాలి. నీ కంపెనీ కాంట్రాక్టు చూడు, వాళ్లు 30 రోజుల నోటీసిచ్చి మానేయొచ్చు. వాళ్లకు నెల, నీకు మూడేళ్లు! కంపెనీ కూడా మూడేళ్లకు కట్టుబడితే రెండు బండ్లు లీజుకు తీసుకో. లేకపోతే ఆ కాగితం వెనక్కిచ్చేయ్. నెలకు ఇన్ని కిలోమీటర్లని హద్దు కూడా పెట్టారు, నీ ఎనిమిది ట్రిప్పులు అంటే 7,200, అందులో ఇముడుతుందో లేదో చూసుకో.

ఇక నా మాట. మూడు కొను. మూడూ ఒకేసారి కాదు. ఇప్పుడొకటి, నాలుగు నెలలకొకటి, ఆ తర్వాత మరొకటి. అలాగైతే టైర్ల ఖర్చు ఒకేసారి మీద పడదు, ఫిట్‌నెస్ పరీక్ష కూడా ఒకే నెలలో రాదు. మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి ఆ రోజు వస్తుంది, ఆ తర్వాత ఏటా. జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది, ఇప్పుడే కొనాలి అంటున్నావట. తగ్గింది బండి ధర, జూలై లోడ్లు పెరగలేదు కదా. ఆరింటికి మార్జిన్ అని నువ్వు చూసిన 38 లక్షల్లో సగం మూడు బండ్లకు, మిగతా సగం బయటి బండ్ల అడ్వాన్సులకు. అప్పుడు పొలం కాగితాలు ఎంతవరకు బయటికి తీయాలో మళ్లీ లెక్క వేద్దాం. ఆ పొలం మీ తాత దుక్కి దున్నింది, దాని మీద కోపంగా రెండు మాటలన్నాను మీ అమ్మతో, నువ్వేమీ అనుకోకు.

ఆదివారం డిస్పాచ్ రిజిస్టర్ అసలు కాపీ పట్టుకుని రా, కంపెనీ సంతకం ఉన్నది. అత్తయ్య రొయ్యలు తెప్పిస్తానంది. దుర్గమ్మ పటం ఇంకా మా దేవుడి గూట్లోనే ఉంది, అద్దం మార్చలేదు. మొదటి బండికి అది పెట్టుకో. రెండోదానికి నువ్వే కొనుక్కో.

మీ మావయ్య