నెలాఖరున 50 వేలు ఉంచినా మినిమం బ్యాలెన్స్ ఛార్జ్ ఎందుకు పడింది?

ప్రశ్న: సార్, ఉద్యోగం మారాక పాత జీతం ఖాతా మామూలు సేవింగ్స్ అయిపోయింది, నెల సగటు 10 వేలు ఉండాలంట. ఎప్పుడూ 2 వేలే ఉంటాయి. అందుకని 30వ తారీఖు లోన్ యాప్‌లో తీసుకుని బ్యాలెన్స్ 50 వేలు చేశా, మర్నాడు తీసేశా. అయినా ఛార్జ్ పడింది. బ్యాంక్ తప్పా?

జవాబు: బ్యాంక్ తప్పు కాదండి. చాలామంది ఇలాగే ఏదో ఒక రోజు డబ్బు కనిపిస్తే చాలు అనుకుంటారు. కానీ బ్యాంక్ చూసేది నెల సగటు బ్యాలెన్స్, దాన్నే ఏఎంబీ అంటారు. ప్రతి రోజు చివర్లో ఎంత మిగిలిందో ఆ అంకెలన్నీ కలిపి నెలలో ఎన్ని రోజులుంటే అంతతో భాగిస్తారు, లావాదేవీ లేని రోజులు స్టేట్‌మెంట్‌లో కనిపించవు గానీ లెక్కలో మాత్రం ఉంటాయి, ముందు రోజు బ్యాలెన్సే వాటికీ పడుతుంది.

మీది 30 రోజుల నెల అనుకుందాం. 29 రోజులు 2 వేల చొప్పున 58 వేలు, ఆఖరి రోజు 50 వేలు, మొత్తం 1,08,000. 30తో భాగిస్తే సగటు 3,600. కావాల్సింది 10 వేలు, అంటే ఇంకా 6,400 లోటే. లోటు మీద 6 శాతం తీసుకునే బ్యాంకైతే 384, దాని మీద జీఎస్టీ 18 శాతం, అంతా కలిపి దాదాపు 453 రూపాయలు. ఒక్క రోజుతోనే గట్టెక్కాలంటే ఆ రోజు ఖాతాలో 2,42,000 ఉండాలి! అదే 50 వేలు 5 రోజులు కదలకుండా ఉంటే సగటు సరిగ్గా 10 వేలకి వచ్చేది. పొద్దున వేసి సాయంత్రం తీసేస్తే మాత్రం ఏమీ కలవదు, రోజు ముగిసేసరికి ఉన్నదే లెక్క.

450 తప్పించుకోడానికి లోన్ యాప్ దగ్గరికి వెళ్లడం ఏంటండీ? ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ, పైగా క్రెడిట్ రిపోర్ట్‌లో ఇంకో అప్పు. దయచేసి మళ్లీ చెయ్యకండి.

నన్నడిగితే అసలు సమస్య ఛార్జ్ కాదు, ఎమర్జెన్సీ ఫండ్ లేకపోవడం. రేపు ఆస్పత్రి ఖర్చొస్తే మళ్లీ ఆ యాప్ దగ్గరికే పోతారు. నెలనెలా ఇంత అని పక్కన పెట్టి, మొదటి 10 వేలు ఈ ఖాతాలోనే ముట్టుకోకుండా ఉంచండి, ఏఎంబీ గొడవ దానంతటదే పోతుంది. తర్వాత కనీసం 3 నెలల ఇంటి ఖర్చుకి సరిపడా పెంచుకుంటూ పోండి, 10 వేలు దాటిందంతా ఎప్పుడైనా తీసుకోగలిగే ఎఫ్‌డీలో పెట్టొచ్చు. నిజంగా అవసరం పడితే ఆ 10 వేలు కూడా వాడేయండి, ఛార్జ్ పడితే పడనీ, అప్పు కంటే అదే చవక.

ఈ ఖాతాతో పనే లేదంటే మూసేయండి, లేదా ఎస్‌బీఐ లాంటి చోటికి మారండి, అక్కడ 2020లోనే ఈ నిబంధన తీసేశారు. ఇంకోటి, బ్యాలెన్స్ తగ్గిందని ముందు మెసేజో మెయిలో పంపి నెల టైమ్ ఇచ్చాకే ఛార్జ్ వెయ్యాలని ఆర్‌బీఐ రూల్ ఉంది, ఈ ఛార్జ్ వల్లే ఖాతా మైనస్‌లోకి పోకూడదు కూడా. మీకు ఆ మెసేజ్ రాలేదంటే బ్రాంచ్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి డబ్బు వెనక్కి అడగండి.