కలిసి అమ్మిన సరుకు: లాభం ఎలా పంచాలి?

ప్రశ్న: మాది జడ్చర్ల. నేనూ, మరో వ్యాపారీ కలిసి హైదరాబాద్ ఆర్డర్ ఒకటి తీసుకున్నాం. నేను 6 లక్షలకు కొన్న పల్లీలు, ఆయన 4 లక్షలకు కొన్న కందులు పంపాం. లారీకి, హమాలీకి నేను 30 వేలు, ఆయన 20 వేలు పెట్టాం. చివరి లోడు 2024 ఏప్రిల్ 20న అమ్ముడైంది. మొత్తం 12 లక్షలు ఆయనకే చేరితే నాకు 5 లక్షలే ఇచ్చాడు. కందులకు లోడు ఎత్తిన రోజు ధర 4.60 లక్షలు కట్టాలంటున్నాడు. అన్నదమ్ముల్లా ఉన్నామని కాగితం రాసుకోలేదు. సరుకు ఎక్కువ నాదే కనుక లాభమూ నాకే ఎక్కువ రావాలి కదా? ఇప్పుడు ఖాతా పుస్తకం రాసి కేసు వేయవచ్చా?

జవాబు: లాభం పంచుకుందామని ఒప్పుకుని ఒకరి తరఫున ఒకరు అమ్మితే, ఒక్క ఆర్డర్‌కే అయినా అది భాగస్వామ్యమే. వేరే ఒప్పందం లేనప్పుడు, ఎవరి సరుకు ఎంతైనా, భాగస్వామ్య చట్టం 13వ సెక్షన్ ప్రకారం లాభం చెరిసగం. మీకు ఎక్కువ వాటా రాదు.

మీ కేసును తేల్చేది ఉమ్మడి ఖాతాలో సరుకును ఏ ధరకు ఎక్కించారన్నది. ఇద్దరి సరుకూ కొన్న ధరకే ఎక్కిస్తే, ఖర్చులతో కలిపి పెట్టుబడి 10.50 లక్షలు, లాభం 1.50 లక్షలు, మీ వాటా 75 వేలు. మీ సరుకు, ఖర్చు, వాటా కలిపి 7.05 లక్షలు కాగా, అందిన 5 లక్షలు పోను 2.05 లక్షలు రావాలి. కందులను మాత్రమే 4.60 లక్షలకు ఎక్కిస్తే లాభం 90 వేలకు పడిపోయి, మీకు 30 వేలు తగ్గుతుంది. కొన్న ధరైనా, లోడు రోజు మార్కెట్ ధరైనా ఇద్దరికీ ఒకే కొలత ఉండాలని పట్టుబట్టండి. ఆ మాట మొదటి లోడు ఎత్తకముందే రాసుకోకపోవడం మీ నిర్లక్ష్యం.

పాత తేదీలతో కొత్త పుస్తకం రాయవద్దు. అది తప్పుడు సాక్ష్యం సృష్టించే నేరం, దానితో నిజమైన బిల్లుల మీద కూడా కోర్టుకు నమ్మకం పోతుంది. నిత్యం రాసిన నిజమైన ఖాతా సైతం ఒంటరిగా ఎదుటివారిపై బాకీని నిలబెట్టలేదు. కాబట్టి కొనుగోలు బిల్లులు, లారీ రసీదులు, తూకం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంట్ కూడగట్టండి.

పని పూర్తి కావడంతోనే ఇలాంటి భాగస్వామ్యం రద్దవుతుంది. రద్దయిన భాగస్వామ్యం లెక్కల కోసం దావాకు గడువు మూడేళ్లు. వాదనకు తావివ్వకుండా చివరి అమ్మకం నుంచే లెక్కిస్తే, 2027 ఏప్రిల్ 20 దాటకూడదు. ఈలోగా లెక్కలు తేల్చాల్సి ఉందని ఆయన రాసి సంతకం పెడితే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు దొరుకుతాయి, నోటిమాటకు ఆ విలువ లేదు. సంస్థ రిజిస్టర్ కాలేదన్న అభ్యంతరం ఈ దావాకు అడ్డురాదు.

ముందు పై లెక్కను ఒక తెల్లకాగితంపై ఈ రోజు తేదీతో రాసి, బిల్లుల నకళ్లు జతచేసి, లాయరు నోటీసుతో రిజిస్టర్ పోస్టులో పంపండి. సంతకం పెట్టకపోతే లెక్కలు తేల్చమంటూ దావా వేయండి.