వికారం వస్తే విషాలు పోతున్నట్టు కాదండీ

"నాలుగు రోజులుగా పరగడుపున గోధుమగడ్డి జ్యూస్ తాగుతున్నాను. తాగిన కాసేపటికే కడుపులో తిప్పుతోంది. ఒంట్లో విషాలు పోతున్నాయి, వారంలో సర్దుకుంటుంది అంటున్నారు. నిజమేనా?"

నిజం కాదు. నాకూ అచ్చం ఇదే మాట చెప్పారు, అందుకే రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట నా హిమోగ్లోబిన్ 9.1కి పడిపోయింది. బీచ్ రోడ్డులో నాతో వాకింగ్‌కి వచ్చే ఆవిడ ఒక జ్యూస్ బండి దగ్గరికి తీసుకెళ్ళింది. చిన్న గ్లాసుడు, గడగడా తాగేశాను. పది నిమిషాలు కాలేదు, నోట్లో నీళ్ళూరి కడుపులో దేవేసింది. గోడ మీద కూర్చుండిపోయాను. బండి అతను "విషాలు కదులుతున్నాయమ్మా, మానకండి" అన్నాడు. నాలుగో రోజు వాంతే అయింది. ఐదో రోజు రెండు ఇడ్లీలు తిని వెళ్ళి అదే బండి దగ్గర సగం గ్లాసు తాగాను. ఏమీ కాలేదు. విషాలే కారణమైతే ఇడ్లీకి అవి ఆగిపోతాయా? పచ్చిగడ్డి వాసన, ఘాటైన రసం, ఖాళీ కడుపు, అంతే. ఒంట్లో పనికిరానివి బయటికి పంపడానికి కాలేయం, మూత్రపిండాలు ఉన్నాయి. వాటికి వాంతితో పని లేదు.

ఇక్కడ నేను చేసిన తప్పు, బండి మానేసి ఇంట్లో పెంచడం. ఇంట్లోదైతే శుభ్రం అనుకున్నాను. గోధుమలు రాత్రంతా నానబెట్టి, ట్రేలో కొబ్బరి పొట్టు మీద చల్లి బాల్కనీలో పెట్టాను. ఆగస్టు నెల, మన విశాఖ ఉక్క సంగతి తెలిసిందే. నాలుగో రోజుకి గింజల చుట్టూ తెల్లగా దూదిలా వచ్చింది. అవి వేరు నూగు అని ఎక్కడో చదివి ఊరుకున్నాను. నిజమే, మొలకల వేళ్ళకి సన్నటి నూగు వస్తుంది. కానీ అది వేరునే అంటిపెట్టుకుని ఉంటుంది, నీళ్ళు చిలకరిస్తే అణిగిపోయి కనపడదు. బూజు అలా కాదు. గింజ నుంచి గింజకి సాలెగూడులా పాకుతుంది, తడిపినా పోదు, ముక్కు దగ్గర పెడితే ముక్కిపోయిన వాసన వస్తుంది. నాది బూజే. పైన గడ్డి పచ్చగా నిగనిగలాడుతోంది కదా అని మొదలంటా కోసి, కుళాయి కింద కడిగి, మిక్సీ పట్టి మా అత్తగారికి ఇచ్చాను. ఆవిడకి 71 ఏళ్ళు.

ఆ పూట ఆవిడకి ఏమీ కాలేదు. మర్నాడు రాత్రి చలిజ్వరం, కడుపునొప్పి, విరేచనాలు. ఇంట్లో అందరం ఒకే వంట తిన్నాం, జ్యూస్ తాగింది ఆవిడ ఒక్కరే. నాకైతే అనుమానమే లేదు, అది ఆ గడ్డి వల్లే. ఓఆర్ఎస్ నీళ్ళు పట్టించి ఆసుపత్రికి తీసుకెళ్తే కోలుకోవడానికి ఐదు రోజులు పట్టింది.

నేను నేర్చుకున్నది ఇదీ. తాగిన అరగంటలో తిప్పి, గంటా రెండు గంటల్లో తేలికపడితే చాలావరకు రుచి, పరగడుపు వల్లే. ఆరేడు గంటల తర్వాతో, కొన్ని రోజులకో జ్వరంతో, విరేచనాలతో వస్తే సాల్మొనెల్లా, ఈ.కోలై లాంటి క్రిములని అనుమానించాలి. మొలకకి కావలసిన వెచ్చదనం, తడి వాటికీ కావాలి. గింజ పగుళ్ళలో దాక్కుంటే కడిగినా పూర్తిగా పోవు. కూరలో ఉన్నవి ఉడికితే చస్తాయి, ఈ రసాన్ని ఎవరూ కాచరు కదా. పైగా మిక్సీలో వేస్తే ఒక్క పరక మీది మురికి గ్లాసంతా కలుస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టినా క్రిములు చావవు. బండి మీద ఇవన్నీ కాక బకెట్లో నానే గడ్డి కట్టలు, వడకట్టే గుడ్డ, ఐస్ కూడా ఉంటాయి.

నాకు ఒళ్ళు మండేది ఇంకొకటుంది. ఈ పచ్చి రసం అస్సలు తాగకూడనిది గర్భిణులు, పసిపిల్లలు, ముసలివాళ్ళు, కీమోథెరపీలో ఉన్నవాళ్ళు. సరిగ్గా వాళ్ళకే పనిగట్టుకుని చెప్తారు!

ఇక గోధుమగడ్డి రసం "పచ్చ రక్తం", తాగితే రక్తం పడుతుంది అనే మాట. ఆకులోని పత్రహరితం, మన రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ చూడ్డానికి ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. కానీ పత్రహరితం నడుమ ఉన్నది మెగ్నీషియం, మన హీమ్‌లో ఇనుము. ఒంట్లో ఒకటి ఇంకొకటిగా మారదు.

మీరు రేపు మానేసి చూడండి, వికారం కూడా పోతే జవాబు దొరికినట్టే. జ్వరం గానీ, విరేచనంలో రక్తం గానీ ఉంటే మాత్రం ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నాకు డాక్టరుగారు ఐరన్ మాత్రలు రాశారు. వాటికీ మొదట్లో కొంచెం తిప్పింది, భోజనం తర్వాత వేసుకోమన్నారు, సర్దుకుంది. మూడు నెలలకి 11.6 వచ్చింది. మిగిలిన గోధుమలు పిండి పట్టించేశాను.