ఎంతమంది వాడతారో తెలీని ప్రొడక్ట్‌కి విలువ కట్టడం, టీమ్‌కి మెయిల్ రాయడం

ప్రశ్న: నేను ఫైనాన్స్ మేనేజర్‌ని. మా సాఫ్ట్‌వేర్ టీమ్ కొత్త ప్రొడక్ట్ కడతామంటోంది, జనం ఎంతమంది వాడతారో ఎవరికీ తెలీదు. దానికి విలువ ఎలా కట్టానో వాళ్లకి మెయిల్‌లో ఎలా రాయాలి?

ఒకే ఒక్క అంకె పెట్టి మాత్రం పంపకండి. ఎక్కడ ఆపేస్తామో కూడా అదే మెయిల్‌లో రాయండి, నన్నడిగితే మెయిల్‌లో ముఖ్యమైన లైను అదే.

నేను ఇలాంటిది రాసినప్పుడు టీమ్ పంపిన షీట్‌లో ఒకటే వరుస ఉంది, "మీడియం అడాప్షన్" అని. అసలు అంకెలు బయట చెప్పలేను కాబట్టి కట్టే ఖర్చు 100 అనుకోండి, మిగతావి దాన్ని బట్టి. రాబోయే ఏళ్లలో మిగిలేదంతా ఇవాళ్టి విలువకి తెస్తే 110, అంటే 10 లాభం అన్నారు. వాళ్లతో కూర్చుని, జనం బాగా పట్టుకుంటే ఎంత, అస్సలు పట్టించుకోకపోతే ఎంత అని అడిగా. బాగా పడితే 300, పడకపోతే 20 అన్నారు. ఛాన్సులు కూడా వాళ్లనే చెప్పమన్నా: బాగా పడటానికి 20 శాతం, మీడియానికి 30, పడకపోవడానికి 50. ఆ లెక్కన సగటు 60 + 33 + 10, మొత్తం 103. ఖర్చు పోగా 3. అదీ సగం ఛాన్సు 80 పోగొట్టుకోడానికే ఉన్న 3.

ఇక్కడ చాలామంది ఫైనాన్స్ వాళ్లు చేసే పని నాకు అస్సలు నచ్చదు, రిస్క్ ఎక్కువ కదా అని డిస్కౌంట్ రేటు పెంచేస్తారు. 12 శాతాన్ని 25 చేస్తే ఐదో ఏడు చివర్లో వచ్చే 100 ఇవాళ్టి విలువలో 57 నుంచి 33కి పడిపోతుంది. కానీ జనం వాడతారా లేదా అన్నది మొదటి కొన్ని నెలల్లోనే తేలిపోయే విషయం, దానికి ఐదో ఏడాదిని కోయడం ఏంటి? ఆ అనుమానం ఛాన్సుల్లో ఉండాలి, రేటులో కాదు. రెండు చోట్లా పెడితే ఒకే రిస్క్‌కి రెండుసార్లు కోత వేసినట్టు.

అందుకని మెయిల్‌లో నేను రెండో దారి రాశా. ముందు 15 పెట్టి చిన్న పైలట్, ఫలితం బాగుంటే ఇంకో 95 పెట్టి పూర్తిగా కట్టడం. మొత్తం 110, అంటే ఖర్చు పెరిగింది, పైగా ఆలస్యం వల్ల రాబడి పదో వంతు తగ్గుతుందని కూడా వేశా, 300 కాస్తా 270, 110 కాస్తా 99, 20 కాస్తా 18. బాగా పడితే 270 − 95 = 175, మీడియం అయితే 4, పడకపోతే కట్టం కాబట్టి సున్నా. ఛాన్సులతో కలిపితే 36 చిల్లర, పైలట్ 15 తీస్తే 21. ఖర్చు పెరిగి, రాబడి తగ్గి కూడా 3 కాస్తా 21 అయింది!

టీమ్ లీడ్ వెంటనే రిప్లై పెట్టాడు, "అయితే పైలట్ చేద్దామండి, ఆపాలా వద్దా అన్నది అప్పుడు చూసుకుందాం" అని. దానికి నేను ఇలా రాశా: "పైలట్ ఫెయిలయ్యాక కూడా మనం ఆపకుండా కట్టేస్తే, 18 రాబడి కోసం 95 పెట్టినట్టు. అప్పుడు మొత్తం విలువ మైనస్ 17, పైలట్ లేకుండా కట్టేసినదానికన్నా ఘోరం. ఈ 21 అంతా ఆపగలగడం వల్ల వచ్చిందే. కాబట్టి ఎప్పుడు ఆపుతామో ఇవాళే రాసుకుందాం."

రాసుకున్నాం కూడా. పైలట్‌లో చేరినవాళ్లలో ఎనిమిదో వారంలోనూ వాడుతున్నవాళ్లు 15 శాతం లోపు ఉంటే ఆపడం, 30 దాటితే కట్టడం, మధ్యలో ఉంటే ఇంకో బ్యాచ్‌ని చూడటం. ఈ హద్దులు మా ప్రొడక్ట్‌వి, రోజూ వాడేదానికీ నెలకోసారి వాడేదానికీ ఇవే పనికిరావు. సైన్ అప్‌లు లెక్కలోకి తేవద్దని గట్టిగా చెప్పా, సైన్ అప్‌లు ఎంతైనా వస్తాయి, ఒక్క మంచి ప్రకటన చాలు. వారం వారం వాడుక గీత పడుతూ పడుతూ ఎక్కడో ఒకచోట నిలబడాలి, నిలబడకుండా సున్నా వైపే పోతుంటే మొదటి వారం ఎంత గొప్పగా ఉన్నా అనవసరం. ఇంకోటి, పైలట్‌కి తెలిసినవాళ్లనీ ఉత్సాహం ఉన్నవాళ్లనీ ఎంచుకుంటే ఆ శాతం దేనికీ పనికిరాదు, వాళ్లు మొహమాటానికైనా వాడతారు.

ఒక లిమిట్ ఉంది, నా లెక్కలో పైలట్ ఎప్పుడూ నిజమే చెప్తుందనుకున్నా. నిజానికి అప్పుడప్పుడు తప్పు చెప్తుంది, కాబట్టి 21 అన్నది పై హద్దు, మెయిల్‌లో ఆ మాట అలాగే రాయండి. పైలట్ అయ్యాక రెండో నిర్ణయంలో ఆ 15ని మళ్లీ లెక్కలోకి లాగకండి, అది ఎలాగూ పోయిన డబ్బు, మీడియం వచ్చి 4 మిగిలేట్టుంటే కట్టాల్సిందే. ఆపమని చెప్పే మనిషి ఎవరో పేరు పెట్టి రాయండి, ఆ మనిషి ప్రొడక్ట్ కట్టే టీమ్‌లోవాళ్లు కాకూడదు.