ఆఫర్ లెటర్‌లోని జీతంలో చేతికి వచ్చేదెంత?

"మా తమ్ముడికి భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో ఉద్యోగం వచ్చింది. ఇదే మొదటి ఉద్యోగం. ఏడాదికి 4,80,000 అని రాశారు. నెలకు 40,000 చేతికి వస్తాయనుకుని ఇల్లు అద్దెకు తీసుకోవచ్చా?"

అంత రాదండీ. ఇక్కడి ఆక్వా కంపెనీలలోనే చాలా కాలంగా జీతాల లెక్కలు చూస్తున్నాను. కొత్తగా చేరినవారు మొదటి నెల జీతం చూసి దాదాపు ప్రతిసారీ ఇదే అడుగుతారు.

ఆ 4,80,000 కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు, అంటే సీటీసీ. మీ తమ్ముడి గ్రాస్ జీతం అంతకంటే తక్కువ. బేసిక్ సగం, అంటే 20,000 అనుకుందాం. దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే 2,400. గ్రాట్యుటీ కింద చూపేది సుమారు 4.81 శాతం, అంటే 962. ఈ రెండూ 40,000లోంచే పోతాయి కాబట్టి గ్రాస్ 36,638 అవుతుంది.

ఇప్పుడు గ్రాస్ నుంచి కోతలు. ఉద్యోగి వాటా పీఎఫ్ మరో 2,400. ఆంధ్రప్రదేశ్‌లో 20,000 దాటిన జీతానికి వృత్తి పన్ను నెలకు 200. ఈఎస్ఐ 21,000 లోపు వారికే కాబట్టి ఇతనికి ఉండదు. ఆదాయపు పన్ను గురించి కంగారు అక్కరలేదు. 2025-26 కొత్త విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే ఇతని ఆదాయం 4 లక్షల లోపే ఉంటుంది, పన్ను పడదు. చివరికి చేతికి 34,038.

కొన్ని కంపెనీలు అసలు బేసిక్ ఎంతైనా 15,000 మీదే పీఎఫ్ లెక్కగడతాయి. అప్పుడు రెండు వైపులా 1,800 చొప్పున పోయి, చేతికి 35,238 వస్తాయి. ఆ తేడా అదనంగా వచ్చినట్టు కాదు, పీఎఫ్ ఖాతాలో అంత తక్కువ జమ అవుతుందంతే. నా మటుకు నాకు మొదటి పద్ధతే నచ్చుతుంది. మొదటిసారి చేరేవారి బేసిక్ 15,000 దాటితే పీఎఫ్ తప్పనిసరి కాదు, చేరేటప్పుడే వద్దనే వీలుంది. ఒకసారి చేరాక మాత్రం మధ్యలో మానుకోలేరు.

నాకు ఎక్కువగా భయం వేసేది ఇన్సెంటివ్‌తోనే. ఆ 4,80,000లో 48,000 పనితీరును బట్టి ఏడాది చివర ఇచ్చేదైతే, నెల జీతంలో సుమారు 4,000 అక్కడే తగ్గుతుంది, అదీ వస్తుందన్న హామీ ఉండదు. ఫ్యాక్టరీ బస్సు, క్యాంటీన్ వాడుకుంటే వాటికీ కొన్నిచోట్ల కోస్తారు. ఆఫర్ లెటర్ వెనుక నెలవారీ వివరాల పట్టిక ఉంటుంది, అది లేకపోతే హెచ్ఆర్ వారిని అడిగి తీసుకోమనండి. అందులో బేసిక్ ఎంత, పీఎఫ్ ఎంత మీద, ఇన్సెంటివ్ ఎప్పుడు అన్న మూడూ చూసే వరకు నెలకు 30,000 వస్తాయనుకుని అద్దె మాట్లాడండి.